పురిటికి విమానమెక్కే ముందు



పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక మనం ఆ రోజు నుంచి వెనక్కి లెక్క వేస్తాం. మూడు రోజుల ముందు పెళ్లికూతుర్ని చేయాలంటే చీరలు ఎప్పటికి రావాలి, జాకెట్లు కుట్టేవాడికి ఎన్నాళ్లు గడువివ్వాలి, శుభలేఖలు అచ్చుకు ఎప్పుడు పంపాలి అని. విదేశ ప్రయాణానికీ లెక్క అదే, వెనక్కి వేసే లెక్క. కానీ చాలా ఇళ్లల్లో ముందుకు వేస్తారు. మొదట టిక్కెట్టు, తరువాత వీసా, ఇక బయలుదేరడానికి నెల ఉందనగా బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి తేదీ చూసుకోవడం. ఈ క్రమం తిరగేస్తేనే ప్రయాణం సజావుగా సాగుతుంది.

దేశానికో నియమం ఉంది కనుక అన్నీ కలిపి చెబితే ఏదీ గుర్తుండదు. ఈ రోజు ఒక్క ప్రయాణాన్నే తీసుకుందాం. ఇప్పుడు మన పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ జర్మనీ బాగా వెళుతున్నారు గదా. అక్కడ స్టట్‌గార్ట్ నగరంలో కూతురూ అల్లుడూ ఉన్నారనీ, అమ్మాయికి మే 28న పురుడు వస్తుందని డాక్టరు చెప్పిందనీ అనుకుందాం. రాజమండ్రిలో ఉన్న తల్లిదండ్రులు, వారిని పిన్నిగారు, బాబాయిగారు అందాం, మే 10కి అక్కడికి చేరాలి, ఆగస్టు 5న తిరిగి బయలుదేరాలి. ఈ ప్రయాణం వాయిదా వేయడానికి వీలున్నది కాదు. బిడ్డ మన వీసా కోసం ఆగదు గదా!

జర్మనీకి వెళ్లడానికి తీసుకునే స్వల్పకాల వీసాను షెంజెన్ వీసా అంటారు. యూరపులో 29 దేశాలు కలిసి పెట్టుకున్న ఒకే కట్టుబాటు అది. ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు అన్నీ అందులోవే. ఇంగ్లండూ ఐర్లండూ మాత్రం అందులో లేవు. 

ఇక మన లెక్క నవంబరులో మొదలుపెడదాం.

నవంబరు మొదటివారంలో పిన్నిగారు రెండు పాస్‌పోర్టులూ తీశారు. బాబాయిగారి దానికి ఇంకా నాలుగేళ్ల గడువుంది. పిన్నిగారిది వచ్చే అక్టోబరు 20తో ముగుస్తుంది. “ఇంకేం, మేలో వెళుతున్నాం, అప్పటికి అయిదు నెలల పైచిలుకు ఉంటుంది, ఆగస్టులో ఇంటికి వచ్చేస్తాం, చాలదూ?” అన్నారు బాబాయిగారు. చాలదండీ! చాలామంది బోల్తా పడేది ఇక్కడే. షెంజెన్ నియమం ప్రకారం, మనం ఆ దేశాల నుంచి బయటికి వచ్చే రోజు తరువాత ఇంకా మూడు నెలలైనా పాస్‌పోర్టు చెల్లుబాటు కావాలి. వెళ్లే రోజు నుంచి కాదు, తిరిగి వచ్చే రోజు నుంచి లెక్క. ఆగస్టు 5కి మూడు నెలలు కలిపితే నవంబరు 5. పిన్నిగారి పాస్‌పోర్టు అక్టోబరు 20కే అయిపోతుంది. పదహారు రోజులు తక్కువ! ఆ పదహారు రోజుల కోసం దరఖాస్తు ఆగిపోతుంది.

ఇదే పాస్‌పోర్టుతో వేరే దేశానికి వెళితే లెక్క మారుతుంది. దుబాయికి, ఇండోనేషియాకు అయితే అక్కడ దిగే రోజు నుంచి ఆరు నెలలుండాలి. ఇంగ్లండుకైతే అక్కడ ఉన్నన్నాళ్లూ చెల్లితే చాలు. అందుకని ‘ఆరు నెలలుంటే సరి’ అని ఎవరో చెప్పిన మాట పట్టుకోకుండా రెండు ప్రశ్నలు అడగాలి. ఎన్ని నెలలు? ఏ రోజు నుంచి లెక్క? ఈ రెండో ప్రశ్న అడగనివాళ్లే ఎక్కువ.

తేదీతో పాటు ఇంకో రెండు సంగతులు చూడాలి. పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్లు దాటి ఉండకూడదు. పెద్దలకు మన దేశంలో పదేళ్లకే ఇస్తారు కనుక ఆ చిక్కు మనకు సాధారణంగా రాదు. రెండోది, వీసాల కోసం ఉంచిన పేజీల్లో కనీసం రెండు ఖాళీగా ఉండాలి. చివర్న చిరునామా వేసి ఉండే పేజీ ఈ లెక్కలోకి రాదు. అలాగే పుస్తకాన్ని వెలుతురులో పెట్టి ఒక్కొక్క పేజీ తిప్పి చూడండి. బీరువాలో చెమ్మ తగిలి ఫొటో మీది పొర లేచిందా, కుట్టు ఊడిందా, మనవడు పెన్సిలుతో గీతలు గీశాడా? అటువంటివి ఉంటే గడువు ఎంత ఉన్నా కొత్తది తీసుకోవడమే క్షేమం.

పిన్నిగారు కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టారు. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే మన పాస్‌పోర్టు కార్యాలయం దీన్ని అనుమతిస్తుంది. ముప్పై ఆరు పేజీల పుస్తకానికి మామూలు పద్ధతిలో రుసుము 1500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2000. పాతదానిలో మిగిలిన నెలలు కొత్తదానిలో కలవవు, కొత్తది ఇచ్చిన రోజు నుంచి పదేళ్లు. ఆ కొద్ది నెలల కోసం చివరిదాకా ఆగడం దండగ. ఇల్లు మారి ఉంటే కొత్త చిరునామాతోనే పెట్టాలి. పోలీసు విచారణకు వచ్చినప్పుడు ఆ ఇంట్లో మనం కనిపించాలి. ఊరెళ్లి తాళం వేసి ఉంటే ఆ కాగితం అక్కడే ఆగుతుంది. పాతదాన్ని రద్దుచేసి తిరిగి మనకే ఇస్తారు. పారేయకండి సుమా. అందులో పాత వీసాలుంటే, మనం వెళ్లి సకాలంలో తిరిగి వచ్చామనడానికి అదే సాక్ష్యం.

సరే, కొత్త పాస్‌పోర్టు వచ్చేదాకా మిగతా పనులు చేసుకుందామా? కొన్ని చేసుకోవచ్చు, కొన్ని కూడదు. ఇందులో ఒక కిటుకు ఉంది, శ్రద్ధగా వినండి.

జర్మనీలో ఉన్న అల్లుడుగారు వీరి ఖర్చంతా తాను భరిస్తానని పూచీ ఇవ్వాలనుకున్నారు. దానికి ఉత్తరం రాసి పంపితే చాలదు. అక్కడ తన ఊళ్లోని విదేశీయుల కార్యాలయానికి వెళ్లి, జీతం రశీదులు, ఇంటి అద్దె ఒప్పందం చూపించి, అధికారి ఎదుట సంతకం చేసి ఒక పత్రం తీసుకోవాలి. దాని పేరు ఫెర్‌ప్ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్. నోరు తిరగకపోతే పూచీపత్రం అందాం. రుసుము ఒక్కొక్క పత్రానికి 29 యూరోలు. ఆ పత్రంలో రాబోయే అతిథి పేరు, పుట్టిన తేదీతో పాటు పాస్‌పోర్టు నంబరు కూడా వేస్తారు. అల్లుడుగారు ఉత్సాహం కొద్దీ నవంబరులోనే వెళ్లి పాత నంబరుతో పత్రం తెచ్చేస్తే? జనవరిలో పిన్నిగారి చేతిలో ఉండేది కొత్త నంబరు. రెండూ పొసగవు. పైగా ఆ పత్రం తీసుకున్న ఆరు నెలల లోపల వీసాకు దరఖాస్తు పెట్టాలి. అందుచేత మొదట పాస్‌పోర్టు, తరువాత పూచీపత్రం, ఆపైన వీసా దరఖాస్తు, భీమా. అన్నిట్లోనూ ఒకే నంబరు. ఇది అన్నం వండి పప్పు పెట్టడం లాంటిది కాదు, ఏది ముందైనా ఫరవాలేదు అనుకోవడానికి. 

అల్లుడుగారు ఆ కార్యాలయంలో కలుసుకునే సమయం మాత్రం ముందే అడిగి పెట్టుకోవచ్చు. కొన్ని ఊళ్లల్లో దానికే వారాలు పడుతుంది. సంతకమైన అసలు కాగితాన్నే కొరియరులో ఇక్కడికి పంపాలి, సెల్‌ఫోనులో పంపిన బొమ్మ సరిపోదు. ఆ దారి ప్రయాణానికి కూడా ఓ వారం పదిరోజులు లెక్కలో వేసుకోండి.

పాస్‌పోర్టు కోసం ఎదురుచూసే ఈ రోజుల్లోనే చేయవలసిన పని ఒకటుంది. అది పేర్ల పని. మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా పట్టే బెడద ఇది.

పిన్నిగారు తన కూతురి దగ్గరికి వెళుతున్నానంటున్నారు. ఆ అమ్మాయి నిజంగా ఈవిడ కూతురేనని కాగితం మీద కనిపించాలి. అమ్మాయి పెళ్లయ్యాక పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు వేయించుకుంది. తల్లిదండ్రుల ఇంటిపేరు వేరు. అమ్మాయి టెన్త్ సర్టిఫికెట్టులో తల్లి పేరు ‘సుబ్బలక్ష్మి’ అని ఉంది. తల్లి పాస్‌పోర్టులో ‘వెంకట సుబ్బలక్ష్మి’ అని ఉంది. ఆధారులో ఇంటిపేరు స్థానంలో ఒక్క పొడి అక్షరమే ఉంది. మన ఇంట్లో అందరికీ తెలుసు అందరూ ఒక్కరేనని. ఎక్కడో బల్ల వెనక కూర్చుని కాగితాలు మాత్రమే చూసే అధికారికి ఎలా తెలుస్తుంది? ఆయనకు ముగ్గురు వేర్వేరు ఆడవాళ్లు కనిపిస్తారు.

దీనికి మందు గొలుసు కట్టడం. తల్లి పాస్‌పోర్టు నుంచి కూతురి పాస్‌పోర్టు దాకా మధ్యలో తెగకుండా కాగితాలు పేర్చాలి. కూతురి జనన ధృవపత్రంలో తల్లిదండ్రుల పేర్లు, కన్యగా ఉన్నప్పటి ఆమె పేరు ఉంటాయి. ఆమె వివాహ ధృవపత్రంలో ఆ పాత పేరూ, భర్త పేరూ ఉంటాయి. అక్కడి నుంచి ఇప్పటి పాస్‌పోర్టుకు లంకె కుదురుతుంది. జనన ధృవపత్రంలో పేరు ఎక్కించకుండా ‘ఆడశిశువు’ అని మాత్రమే రాసి ఉంచినవి ఇంకా చాలా ఇళ్లల్లో ఉన్నాయి. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు చేర్పించుకోవడానికి అవకాశం ఉంది, కాని అది ఒక్క పూటలో అయ్యే పని కాదు. అందుకే నవంబరులో చూసుకోమంటున్నాను. తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జత చేయించండి. ఇక టిక్కెట్టు మీదా, భీమా పత్రం మీదా పేరు పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంట్లో పిలిచే పేరు ఇంట్లోనే ఉండనివ్వండి.

ఇప్పుడు కాలం లెక్కకు వద్దాం. షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల కంటే ముందు దరఖాస్తు తీసుకోరు. పదిహేను రోజుల కంటే తక్కువ వ్యవధి ఉండేలా పెట్టకూడదు. అంటే మే 10 ప్రయాణానికి నవంబరు 10 నుంచి ఏప్రిల్ 25 దాకా వాకిలి తెరిచి ఉంటుంది. దరఖాస్తు స్వీకరించాక నిర్ణయానికి మామూలు గడువు పదిహేను రోజులు. ఏదైనా విచారించవలసి వస్తే నలభై అయిదు రోజుల దాకా తీసుకునే అధికారం వాళ్లకుంది. ‘పదిహేను రోజుల్లో వస్తుందట’ అన్నమాట అందరికీ తెలుసు, ఆ నలభై అయిదు మాటే ఎవరూ చెప్పరు.

పిన్నిగారు వాళ్లు ఫిబ్రవరి 16న కాగితాలిచ్చారు. పదిహేను రోజులకు అంటే మార్చి 3. నలభై అయిదు పట్టినా ఏప్రిల్ 2. ఇంకా ప్రయాణానికి ముప్పై ఎనిమిది రోజులుంటుంది. ఏదో కాగితం తక్కువైందని అడిగినా తెచ్చి ఇవ్వవచ్చు. అదే ఏప్రిల్ 10న ఇచ్చి ఉంటే? నియమం ప్రకారం అదీ గడువులోనే ఉంది. పదిహేను రోజులకు ఏప్రిల్ 25, బాగానే ఉంది. కానీ నలభై అయిదు రోజులు పడితే మే 25. పురుడు 28న! ఇక విమానం ఎప్పుడు దొరకాలి, ఎప్పుడు చేరాలి?

పైగా కాగితాలిచ్చే రోజు మనిష్టం కాదు. దరఖాస్తు కేంద్రంలో ముందుగా సమయం తీసుకోవాలి. వేసవి సెలవులకు యూరపు వెళ్లేవాళ్లంతా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎగబడతారు. ఫిబ్రవరి సమయం కావాలంటే కొత్త పాస్‌పోర్టు చేతికి రాగానే, జనవరి మొదట్లోనే వెతకడం మొదలుపెట్టాలి. ఆ రోజున వేలిముద్రలు తీసుకుంటారు కనుక మనిషి స్వయంగా వెళ్లాలి. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు యాభై తొమ్మిది నెలల దాకా పనికొస్తాయి. గోరింటాకు ఎర్రగా పండి, వేలి కొసలు నల్లబడి ఉంటే ముద్ర సరిగా పడకపోవచ్చు, ఆ వారం మానుకోండి. వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, కేంద్రంవారి సేవా రుసుము దానికి అదనం. ఇంకో సంగతి, నిర్ణయం వచ్చేదాకా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఆ మధ్యలో వేరే దేశం వెళ్లే పని పెట్టుకోకూడదు.

దరఖాస్తుతో ఇచ్చేవాటిలో భీమా ఒకటి. వైద్యఖర్చులకు కనీసం 30,000 యూరోలకు, షెంజెన్ దేశాలన్నిటికీ, అక్కడ ఉండే ప్రతిరోజుకూ చెల్లాలి. మే 10న చేరతాం గదా అని అదే రోజుతో మొదలుపెట్టి, ఆగస్టు 5తో ఆపేస్తారు కొందరు. విమానం ఒక రోజు ఆలస్యమైతే? అటో రోజు, ఇటో కొన్ని రోజులు ఎక్కువే తీసుకోండి. బి.పి., షుగరు ఉన్నవాళ్లు, ముందు నుంచి ఉన్న జబ్బు వల్ల వచ్చిన ఖర్చు పాలసీ ఇస్తుందా ఇవ్వదా అని అడిగి, ఆ మాట కాగితం మీద ఎక్కడుందో చూపించమనండి. చాలా పాలసీలు ఇవ్వవు. వీసాకు ఆ పాలసీ సరిపోవచ్చు, ఆసుపత్రిలో సరిపోకపోవచ్చు.

బ్యాంకు లెక్కలు గత మూడు నెలలవి ఇవ్వాలి. అల్లుడి పూచీ ఉన్నా బాబాయిగారి పెన్షను కాగితం, ఇంటి పన్ను రశీదు కూడా జతచేయడం మంచిది. ఎందుకంటే అధికారి చూసే ముఖ్యమైన సంగతి, వీళ్లు తిరిగి వస్తారా అన్నది. దరఖాస్తుకు ముందు రోజున ఎవరి దగ్గరో తెచ్చి పెద్ద మొత్తం ఖాతాలో వేస్తే, అది ఉన్నపళంగా వచ్చిందని ఆ కాగితమే చెబుతుంది. లేని అనుమానాన్ని మనమే పుట్టించినట్టవుతుంది. ఇక టిక్కెట్టు విషయం: ప్రయాణ తేదీలు తెలిపే రిజర్వేషను చూపితే చాలు. వీసా చేతికి రాకముందే తిరిగిరాని డబ్బు పోసి టిక్కెట్టు కొనవద్దు.

వీసా వచ్చింది. పిన్నిగారు కవరు చింపి కళ్లకద్దుకున్నారు. ఆ తరువాత కళ్లజోడు పెట్టుకుని చదివారు, అదీ ముఖ్యం. పేరు, పాస్‌పోర్టు నంబరు సరిగా ఉన్నాయా అని మొదట చూడాలి. తప్పుంటే అప్పుడే చెప్పాలి, విమానాశ్రయంలో కాదు. తరువాత రెండు లెక్కలుంటాయి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది ఒకటి. ఎన్ని రోజులు ఉండవచ్చు అన్నది మరొకటి. మే 10 నుంచి ఆగస్టు 20 దాకా అని వేసి, రోజులు 88 అని ఉందనుకోండి. ఆగస్టు 20 దాకా ఉండవచ్చని కాదు అర్థం! ఆ తేదీల మధ్యలో ఎప్పుడైనా 88 రోజులు. ఎక్కువిచ్చిన ఆ పదిహేను రోజులు ప్రయాణం కాస్త అటూ ఇటూ జరిగితే పనికివచ్చేందుకు. మే నెలలో 22, జూన్‌లో 30, జూలైలో 31, ఆగస్టులో 5, మొత్తం 88. చేరిన రోజూ బయలుదేరిన రోజూ రెండూ లెక్కలోవే.

“బిడ్డ ఇంకా పసిది, ఇంకో నెల ఉండమ్మా” అని కూతురు బతిమాలుతుంది. తల్లి మనసు కరుగుతుంది. కాని ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండడానికి ఈ వీసా ఒప్పుకోదు. పారిస్ చూసి వచ్చిన నాలుగు రోజులూ ఈ 90లోనే. ఇదివరకు సరిహద్దులో ముద్రలు వేసేవారు. 2025 అక్టోబరు 12 నుంచి ముఖచిత్రం, వేలిముద్రలు తీసుకుని యంత్రంలో నమోదు చేసే పద్ధతి మొదలుపెట్టారు. రోజుల లెక్క ఇక యంత్రమే వేస్తుంది. మించి ఉంటే తరువాతి వీసాకు అడ్డం వస్తుంది. కనుక పురుటి తరువాత తల్లి అవసరం ఎక్కువగా ఉంటుందనుకుంటే, వియ్యపురాలితో ముందే మాట్లాడుకుని ఒకరి తరువాత ఒకరు వెళ్లడం తెలివైన పని. ఆవిడ వీసా ఆవిడది, ఆవిడ తొంభై రోజులు ఆవిడవి.

చివరగా, సకాలంలో తిరిగి రావడానికి ఒక ఫలితం కూడా ఉంది. 2024 ఏప్రిల్‌లో మన దేశస్థులకు ఒక వెసులుబాటు ఇచ్చారు. మూడేళ్ల లోపల రెండు షెంజెన్ వీసాలు పొంది, నియమం తప్పకుండా వాడుకున్నవారికి రెండేళ్లపాటు ఎన్నిసార్లైనా వెళ్లే వీసా, ఆ తరువాత అయిదేళ్లది ఇవ్వవచ్చు. అయితే పాస్‌పోర్టుకు అంత ఆయుష్షు మిగిలి ఉండాలి. మళ్లీ మొదటి మాటకే వచ్చాం చూశారా!

మీ ఇంట్లో వచ్చే వేసవికి ప్రయాణం ఉందా? అయితే ఒక కాగితం తీసుకుని తిరిగి వచ్చే తేదీ అడుగున రాయండి. దానికి మూడు నెలలు కలిపి, ఆ తేదీ పక్కన ఇంట్లో ఒక్కొక్కరి పాస్‌పోర్టు గడువు వేయండి. తక్కువ పడిన పేరు కింద గీత గీయండి. రేపటి మొదటి పని ఆ గీత ఉన్నవాళ్లది.